పరిశోధనా పటాలలో కత్తిరించిన అక్షాలు, జంట కొలమానాలు: వేరుశనగ దిగుబడి, మద్దతు ధర గణాంకాల ఆధారంగా ఒక పరిశీలన

సారాంశం

పరిశోధనా వ్యాసాలలోని పట్టికను చదివేవారికంటే పటాన్ని చూసేవారే ఎక్కువ. విస్తరణ సమావేశాలకు చేరేది కూడా చాలావరకు పటమే. అందువల్ల నిలువు అక్షాన్ని ఎక్కడ ప్రారంభించారు, ఒకే పటంలో రెండు కొలమానాలను ఎలా అమర్చారు అనే విషయాలు రైతుకు చేరే సిఫారసునే మార్చగలవు. వనపర్తి జిల్లా పెద్దమందడి మండల పరిస్థితులకు తగిన వేరుశనగ రకాల పోలికను ఉదాహరణగా, వేరుశనగ, వరి పంటల కనీస మద్దతు ధరలను వాస్తవ గణాంకాలుగా తీసుకొని ఈ రెండు దోషాలు ఎలా ఏర్పడతాయో, వాటిని ఎలా గుర్తించాలో, వాటికి బదులు ఏ పటం గీయాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: కత్తిరించిన అక్షం, జంట కొలమానం, కడ్డీ పటం, క్లిష్ట భేదం, సూచీ సంఖ్య, వేరుశనగ

ఉపోద్ఘాతం

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమైన పెద్దమందడి మండలం 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో వనపర్తి జిల్లాలో చేరింది. ఈ ప్రాంతపు ఎర్ర చల్క నేలల్లో యాసంగి వేరుశనగ ముఖ్యమైన పంట. నీటి వసతి ఉన్న రైతుకు ప్రతి యాసంగిలోనూ ఎదురయ్యే ప్రశ్నలు రెండు. వేరుశనగ వేయాలా, వరి నాటాలా? వేరుశనగ వేస్తే పాత విత్తనమే వాడాలా, కొత్త రకానికి మారాలా? వేరుశనగ సాగు ఖర్చులో విత్తనానిదే పెద్ద వాటా కనుక రెండవ ప్రశ్నకు తప్పు సమాధానం దొరికితే నష్టం నేరుగా రైతు చేతి నుండే పోతుంది.

ఈ రెండు ప్రశ్నలకు శాస్త్రవేత్తలు చూపే ఆధారం సాధారణంగా రెండు పటాలు. మొదటిది రకాల దిగుబడులను పోల్చే కడ్డీ పటం. రెండవది రెండు పంటల ధరలను పక్కపక్కన చూపే గీత పటం. మొదటి దానిలో అక్షం కత్తిరించబడే అవకాశం ఎక్కువ. రెండవ దానిలో జంట కొలమానం వాడే అవకాశం ఎక్కువ. కాబట్టి ఈ రెండింటినే వరుసగా పరిశీలించడం ఉచితం.

కడ్డీ పటం, గీత పటం రెండూ ఆర్థిక, వాణిజ్య గణాంకాల కోసం 1786లో విలియం ప్లేఫెయిర్ ప్రచురించిన గ్రంథంలోనే కనిపిస్తాయి. అక్షాన్ని కత్తిరించి చిన్న పెరుగుదలను పెద్దదిగా చూపే పద్ధతిని డారెల్ హఫ్ 1954లోనే సామాన్య పాఠకులకు వివరించాడు. అయినా ఈ దోషం ఇప్పటికీ పునరావృతమవుతోంది. దానికి కారణం చాలా సందర్భాలలో దురుద్దేశం కాదు, కంప్యూటరు ఇచ్చిన పటాన్ని ఉన్నది ఉన్నట్లు స్వీకరించడం.

1. కత్తిరించిన అక్షం

ఈ విభాగంలోని దిగుబడులు బోధన కోసం ఊహించినవి. ఏ ప్రయోగానివీ కావు. నాలుగు వేరుశనగ రకాలను ఐదు రెప్లికేషన్లతో యాదృచ్ఛిక ఖండ రచనలో సాగు చేశారనుకుందాం. వాటిలో మొదటిది రైతులు ఇప్పటికే వేస్తున్న పోలిక రకం. సగటు కాయ దిగుబడులు ఎకరాకు వరుసగా 8.6, 8.9, 9.2, 9.3 క్వింటాళ్లు. సగటు యొక్క ప్రామాణిక దోషం ± 0.22 క్వింటాలు.

ఈ నాలుగు సంఖ్యలకు నిలువు అక్షం 8.4 వద్ద మొదలై 9.4 వద్ద ముగిసే కడ్డీ పటం గీస్తే, మొదటి కడ్డీ ఎత్తు 0.2, నాల్గవ కడ్డీ ఎత్తు 0.9 అవుతుంది. అంటే చూపరి కంటికి నాల్గవ రకం మొదటి దానికంటే నాలుగున్నర రెట్లు ఎత్తుగా కనబడుతుంది. వాస్తవంలో ఆ రెండింటి మధ్య తేడా 8.1 శాతం మాత్రమే. పటంలో కనిపించే మార్పును గణాంకాలలోని మార్పుతో భాగించి పటం ఎంత అబద్ధమాడుతోందో కొలిచే సూచికను ఎడ్వర్డ్ టఫ్టె 1983లో ప్రతిపాదించాడు. దాని ప్రకారం ఇక్కడ పటంలోని పెరుగుదల 350 శాతం, గణాంకాలలోని పెరుగుదల 8.1 శాతం. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే సుమారు 43 వస్తుంది. నిజాయితీగల పటానికి ఈ విలువ 1 సమీపంలో ఉండాలి.

అక్షం మీద 8.4 అనే అంకె స్పష్టంగా ముద్రించి ఉన్నప్పుడు పాఠకుడు మోసపోడన్న వాదన తరచుగా వినిపిస్తుంది. ఆ వాదన నిలవదు. కడ్డీ పటంలో విలువను తెలిపేది కడ్డీ పొడవు. కన్ను ముందుగా పొడవులను పోల్చుకుంటుంది. అంకెలను ఆ తరువాత చదువుతుంది. మనిషి కన్ను పటంలోని ఏ లక్షణాన్ని ఎంత కచ్చితంగా అంచనా వేయగలదో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లో ప్రయోగపూర్వకంగా పరిశీలించారు. ఒకే కొలమానం మీది స్థానాలను పోల్చడంలో పొరపాట్లు తక్కువనీ, పొడవులను పోల్చడంలో అంతకంటే ఎక్కువనీ, కోణాలు, వైశాల్యాలు ఆ తరువాత వస్తాయనీ వారు చూపారు. అడుగు భాగం కోసివేసిన కడ్డీ పొడవుకు ఏ అర్థమూ మిగలదు. అయినా కన్ను దానినే కొలుస్తుంది.

1.1 ఈ దోషం ఎక్కడ పుడుతుంది?

ఎక్సెల్‌లో ద్విమితీయ కడ్డీ పటం గీసినప్పుడు నిలువు అక్షపు ఆరంభ విలువను ఆ ప్రోగ్రామే నిర్ణయిస్తుంది. ధన సంఖ్యల విషయంలో దాని నియమం ఇది: గరిష్ఠ, కనిష్ఠ విలువల మధ్య తేడా గరిష్ఠ విలువలో 16.67 శాతాన్ని మించితే అక్షం సున్నా నుండి మొదలవుతుంది. మించకపోతే కనిష్ఠ విలువకు కొంచెం దిగువన మొదలవుతుంది. పై ఉదాహరణలో గరిష్ఠం 9.3, తేడా 0.7, అంటే 7.5 శాతం. కాబట్టి పరిశోధకుడు ఏమీ మార్చకుండానే అక్షం కత్తిరించబడుతుంది.

ఈ నియమపు పర్యవసానం ఆలోచించదగినది. రకాలు దాదాపు సమానంగా ఉన్నప్పుడే అక్షం కత్తిరించబడుతుంది; అవి బాగా వేరుగా ఉన్నప్పుడు సున్నా నుండి మొదలవుతుంది. అంటే తేడా లేని చోటే పటం తేడాను పెద్దది చేస్తుంది. వ్యవసాయ ప్రయోగాలలో మెరుగైన పద్ధతుల మధ్య తేడాలు చాలాసార్లు ఈ 16.67 శాతం లోపే ఉంటాయి కనుక మన వ్యాసాలలో ఈ దోషానికి అవకాశం మరింత ఎక్కువ.

ఆర్ భాషలోని `ggplot2` ప్యాకేజీ ఇందుకు భిన్నం. అందులో `geom_col()` కడ్డీలు ఎప్పుడూ సున్నా నుండే లేస్తాయి. `ylim(8.4, 9.4)` అని బలవంతం చేస్తే సున్నా ఆ పరిధికి వెలుపల ఉన్నందున కడ్డీలే మాయమవుతాయి. కత్తిరించిన కడ్డీ కావాలంటే `coord_cartesian()` ద్వారా ప్రత్యేకంగా అడగవలసి ఉంటుంది.

1.2 పట్టిక ఏమంటోంది?

అదే ఉదాహరణలో విచలన విశ్లేషణ చేస్తే రకాల సగటు వర్గం 0.50, దోష సగటు వర్గం 0.242 వస్తాయి. ఎఫ్ విలువ 2.07. 3, 12 స్వాతంత్ర్య పరిమాణాల వద్ద 5 శాతం స్థాయిలో పట్టిక విలువ 3.49. అంటే రకాల మధ్య తేడా సార్థకం కాదు. పట్టికలో క్లిష్ట భేదం గడిలో 'నిరర్థకం' అని రాయాలి.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన చిక్కు ఒకటి ఉంది. ఎఫ్ పరీక్షను పక్కనపెట్టి క్లిష్ట భేదాన్ని లెక్కిస్తే 0.22 × 1.414 × 2.179 = 0.68 వస్తుంది. మొదటి, నాల్గవ రకాల మధ్య తేడా 0.7 కనుక అది సార్థకమైనట్లు తోస్తుంది. కాని నాలుగు రకాల మధ్య సాధ్యమైన జంటలు ఆరు. వాటిలో అతిపెద్ద తేడాను ఎంచుకొని, ఒకే జంట కోసం ఉద్దేశించిన కొలతతో పరీక్షించడం న్యాయం కాదు. పోలిక రకంతో మిగిలిన మూడింటిని పోల్చడానికి ఉద్దేశించిన డన్నెట్ పరీక్షలో ఈ సందర్భానికి పట్టిక విలువ 2.68. తేడా యొక్క ప్రామాణిక దోషం 0.311తో దానిని గుణిస్తే 0.83 వస్తుంది. 0.7 దానికి లోపలే ఉంది. పట్టిక 'తేడా నిరూపించబడలేదు' అంటుంటే, దాని పక్కనే ఉన్న పటం 'నాలుగున్నర రెట్లు' అంటోంది. రైతు వేదికలో తెర మీదికి వచ్చేది ఆ పటమే.

1.3 సున్నా నుండి మొదలుపెడితే చాలునా?

చాలదు. అదే గణాంకాలకు సున్నా నుండి కడ్డీలు గీస్తే నాలుగూ ఒకే ఎత్తులో ఉన్నట్లు కనిపిస్తాయి. 0.7 క్వింటాలు తేడా నిజమే అయితే 2024-25 మద్దతు ధర 6,783 రూపాయల చొప్పున దాని విలువ ఎకరాకు 4,748 రూపాయలు. అది రైతుకు చిన్న మొత్తం కాదు. సరిపడినన్ని ప్రదేశాలలో, సంవత్సరాలలో ప్రయోగం జరిగి ఆ తేడా సార్థకమని తేలితే, సున్నా నుండి మొదలైన కడ్డీ పటం ఆ ప్రయోజనాన్ని దాచిపెడుతుంది. కాబట్టి లోపం అక్షంలో మాత్రమే లేదు. పటపు రకాన్ని ఎంచుకోవడంలోనూ ఉంది.

చిన్న తేడాలను చూపవలసినప్పుడు కడ్డీని విడిచి చుక్కను వాడాలి. చుక్క విలువను పొడవుతో గాక స్థానంతో తెలుపుతుంది కనుక దాని అక్షం సున్నా నుండి మొదలు కానవసరం లేదు. అంతకంటే మేలైన మార్గం పోలిక రకంతో గల తేడానే గీయడం. అప్పుడు సున్నా గీత 'తేడా లేదు' అనే అర్థంతో పటంలోనే నిలుస్తుంది. పై ఉదాహరణలో మూడు చుక్కలు 0.3, 0.6, 0.7 వద్ద, ఒక్కొక్కటి ± 0.83 విశ్వాస అవధితో వస్తాయి. మూడు అవధులూ సున్నా గీతను దాటుతాయి. పాఠకుడికి పట్టిక చెప్పిన మాటనే పటమూ చెబుతుంది.

```r
d <- data.frame(rakam = c("R2", "R3", "R4"),
                teda  = c(0.3, 0.6, 0.7))
ggplot(d, aes(rakam, teda)) +
  geom_hline(yintercept = 0) +
  geom_point() +
  geom_errorbar(aes(ymin = teda - 0.83,
                    ymax = teda + 0.83), width = 0.1)
```

చుక్క మీది నిలువు గీత దేనిని సూచిస్తుందో పటం కింద తప్పక రాయాలి. ఇదే ఉదాహరణలో ప్రామాణిక దోషం 0.22, ఒక సగటుకు 95 శాతం విశ్వాస అవధి ± 0.48, ప్రామాణిక విచలనం 0.49. మొదటిదానిని గీసి పేరు చెప్పకపోతే ప్రయోగం ఉన్నదానికంటే రెట్టింపు కచ్చితమైనదిగా కనిపిస్తుంది.

గీత పటాలకు సున్నా నియమం వర్తించదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నేల ఉదజని సూచిక, ఉష్ణోగ్రత వంటి వాటికి సున్నా నుండి అక్షం గీయడం అర్థరహితం. అక్కడ ఎంచుకున్న పరిధిని స్పష్టంగా ముద్రిస్తే చాలు.

2. జంట కొలమానం

రెండవ ప్రశ్నకు వద్దాం. వరి ధర వేగంగా పెరుగుతోందా, వేరుశనగ ధరా? 2018-19 నుండి 2024-25 వరకు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధరలు క్వింటాలుకు రూపాయలలో ఇవి.

వేరుశనగ: 4,890, 5,090, 5,275, 5,550, 5,850, 6,377, 6,783.
వరి (సాధారణ రకం): 1,750; 1,815; 1,868; 1,940; 2,040; 2,183; 2,300.

ఈ రెండు వరుసల పరిమాణాలు వేరు కనుక ఎడమవైపు అక్షం వేరుశనగకు, కుడివైపు అక్షం వరికి కేటాయించాలన్న ఆలోచన సహజంగా వస్తుంది. ఆ రెండు అక్షాల ఆరంభ, అంత్య విలువలు నాలుగింటినీ గీసేవాడే ఎంచుకుంటాడు. వాటిని మార్చితే కథ ఎలా మారుతుందో చూద్దాం.

మొదటి అమరికలో ఎడమ అక్షం 4,500 నుండి 7,000 వరకు, కుడి అక్షం 0 నుండి 3,000 వరకు ఉందనుకుందాం. పటపు ఎత్తును 100గా తీసుకుంటే వేరుశనగ గీత 15.6 వద్ద మొదలై 91.3కు ఎగబాకుతుంది. వరి గీత 58.3 నుండి 76.7 వరకు మందంగా సాగుతుంది. 2022-23, 2023-24 మధ్య వేరుశనగ గీత వరి గీతను దాటుతుంది. చూసినవారికి ఆ ఏడాది వేరుశనగ వరిని మించిపోయిందనిపిస్తుంది.

రెండవ అమరికలో ఎడమ అక్షం 0 నుండి 8,000 వరకు, కుడి అక్షం 1,700 నుండి 2,350 వరకు ఉందనుకుందాం. ఇప్పుడు వేరుశనగ గీత 61.1 నుండి 84.8 వరకు నెమ్మదిగా లేస్తుంది. వరి గీత 7.7 నుండి 92.3కు దూసుకుపోతుంది. ఈసారి 2023-24, 2024-25 మధ్య వరి గీత వేరుశనగ గీతను దాటుతుంది.

రెండు పటాలలోనూ ఒక్క అంకె కూడా తప్పు కాదు. రెండింటిలోనూ అక్షాలకు పేర్లు ఉన్నాయి, ప్రమాణాలు ఉన్నాయి. అయినా ఒకటి వేరుశనగ వేయమంటుంది, మరొకటి వరి నాటమంటుంది. గీతలు ఖండించుకున్న బిందువుకు వ్యవసాయంలో ఏ అర్థమూ లేదు. అది గీసేవాడు నాలుగు అక్ష విలువలను ఎంచుకోవడం వల్ల పుట్టిన బిందువు. జంట కొలమానాల పటంలో గీతలు ఎక్కడ కలిశాయి, ఏది పైన ఉంది, ఏది నిటారుగా ఉంది అన్న మూడు విషయాలనూ పాఠకుడు పట్టించుకోకూడదు. కాని పటంలో కంటికి కనిపించేవి ఆ మూడే.

2.1 ప్రత్యామ్నాయం

ప్రశ్న పెరుగుదల వేగాన్ని గురించినది కనుక రెండు వరుసలనూ ఒకే ఆధార సంవత్సరానికి సూచీ సంఖ్యలుగా మార్చి ఒకే అక్షం మీద గీయాలి. 2018-19ను 100గా తీసుకుంటే వేరుశనగ సూచీ వరుసగా 100, 104.1, 107.9, 113.5, 119.6, 130.4, 138.7. వరి సూచీ 100, 103.7, 106.7, 110.9, 116.6, 124.7, 131.4.

ఈ పటంలో రెండు గీతలు దాదాపు జంటగా లేస్తాయి. ఆరు సంవత్సరాలలో వేరుశనగ మద్దతు ధర 38.7 శాతం, వరి మద్దతు ధర 31.4 శాతం పెరిగాయి. ఒకటి మరొకదానిని దాటిన నాటకీయ సంఘటన ఏదీ జరగలేదు. వేరుశనగ స్వల్పంగా ముందుంది, అంతే.

సూచీ పద్ధతికీ పరిమితి ఉంది. ఆధార సంవత్సరంలో గీతలు బలవంతంగా ఒక బిందువు వద్ద కలుస్తాయి. ఆ సంవత్సరం అసాధారణమైనదైతే తరువాతి చిత్రమంతా వంకరపోతుంది. అందువల్ల మరో ఆధార సంవత్సరంతో సరిచూసుకోవాలి. 2020-21ను 100గా తీసుకుంటే 2024-25లో వేరుశనగ 128.6, వరి 123.1 అవుతాయి. నిర్ణయం మారలేదు కనుక ఈ పోలికను నమ్మవచ్చు. ఆధార సంవత్సరం మార్చగానే క్రమం తారుమారైతే ఆ పటాన్ని ప్రచురించకూడదు.

మద్దతు ధర రైతు చేతికి వచ్చిన ధర కాదనీ, ఎకరా నికరాదాయం అంతకంటే కాదనీ పటం కింద చెప్పడం అవసరం. రెండు పంటల దిగుబడి, నీటి అవసరం, కూలి ఖర్చు ఈ పటంలో లేవు. వేరుశనగ వేయాలా, వరి నాటాలా అన్న ప్రశ్నకు ధరల పటం ఒక్కటే సమాధానం కాజాలదు.

కొలత ఒకటే అయి ప్రమాణాలు మాత్రం రెండైనప్పుడు జంట అక్షం నిర్దోషం. హెక్టారుకు కిలోలు ఎడమవైపు, ఎకరాకు క్వింటాళ్లు కుడివైపు ఉంటే రెండూ ఒకే స్థానాన్ని రెండు భాషల్లో చెబుతాయి. ఒక అక్షం నుండి రెండవ దానిని సూత్రంతో రాబట్టగలిగితేనే జంట అక్షం వాడాలన్నది పాటించదగిన నియమం. వర్షపాతాన్ని, దిగుబడిని ఒకే కాలరేఖ మీద చూపవలసి వస్తే ఒకదాని కింద మరొకటిగా రెండు పటాలు గీసి అడ్డ అక్షాన్ని మాత్రం ఉమ్మడిగా ఉంచాలి.

3. ముద్రిత పటాన్ని పరీక్షించే విధానం

వ్యాసంలో పట్టిక లేకుండా పటం మాత్రమే ఉన్నప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ఒక స్కేలుతోనే దానిని పరీక్షించవచ్చు. ముందుగా నిలువు అక్షం మీది రెండు అంకెల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో కొలవాలి. మొదటి ఉదాహరణ పటంలో 8.4 నుండి 9.4 వరకు 50 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. అంటే ఒక క్వింటాలుకు 50 మిల్లీమీటర్లు. తరువాత కడ్డీల ఎత్తులను కొలవాలి. అవి 10, 45 మిల్లీమీటర్లు అయితే విలువలు 8.4 + 10/50 = 8.6, 8.4 + 45/50 = 9.3. ఎత్తుల నిష్పత్తి 4.5, విలువల నిష్పత్తి 1.08. ఈ రెండు నిష్పత్తులు వేరైతే అక్షం కత్తిరించబడిందని అర్థం. అప్పుడు పటాన్ని పక్కనపెట్టి, రాబట్టిన విలువలను ప్రామాణిక దోషంతో కలిపి చిన్న పట్టికగా రాసుకోవాలి. రైతుల ముందు ఉంచవలసింది ఆ పట్టికనే.

జంట కొలమానాల పటానికి కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. ప్రతి గీత మొదటి, చివరి విలువలను దాని సొంత అక్షం నుండి చదివి శాతం మార్పును లెక్కించాలి. ఆ రెండు శాతాలు గీతల వాలుతో ఏకీభవించకపోతే పటం చెబుతున్న కథను వదిలి శాతాలనే నమ్మాలి.

ముగింపు

అక్షం కత్తిరించిన కడ్డీ పటం లేని తేడాను చూపుతుంది. జంట కొలమానం లేని సంబంధాన్ని చూపుతుంది. మొదటి దోషం ఎక్కువగా ప్రోగ్రాము అలవాటు నుండి, రెండవది గీసేవారి ఎంపిక నుండి పుడతాయి. కడ్డీ గీస్తే సున్నా నుండి గీయడం, చిన్న తేడాలకు చుక్కను, విశ్వాస అవధిని వాడడం, వేర్వేరు పరిమాణాల వరుసలను సూచీలుగా మార్చడం లేదా వేర్వేరు పటాలలో చూపడం అనే మూడు పద్ధతులతో ఈ రెండు దోషాలూ తొలగుతాయి. పటాన్ని ముద్రణకు పంపే ముందు దానిని సార్థకతా పరీక్ష ఫలితం పక్కన ఉంచి చూడాలి. పట్టికలో 'నిరర్థకం' అని ఉండి పటంలో ఒక కడ్డీ తక్కిన వాటికంటే ఆకాశమంత ఎత్తున నిలిచి ఉంటే, మార్చవలసింది పటాన్ని. ఆ పని ప్రచురణకు ముందు జరగకపోతే, దాని ఖరీదు వచ్చే యాసంగిలో కొత్త విత్తనం కొన్న పెద్దమందడి రైతు చెల్లిస్తాడు.